న్యూక్లియస్ లేని ఎర్ర కణంలో హిమోగ్లోబిన్ ఎట్ల తయారవుతుంది?

అఖిల, మిర్యాలగూడ · రాత్రి 8:40

అందరికీ నమస్తే. నేను ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. మా పుస్తకంలో ఒక పేజీలో ఎర్ర రక్త కణానికి న్యూక్లియస్ ఉండదు అని ఉంది. ఇంకో చోట ప్రోటీన్ తయారు కావాలంటే సమాచారం న్యూక్లియస్‌లోని డీఎన్‌ఏ నుంచి రావాలి అని ఉంది. హిమోగ్లోబిన్ ప్రోటీనే కదా, అది ఎర్ర కణం నిండా ఉంటుంది కదా. మరి న్యూక్లియస్సే లేని కణంలోకి అది ఎట్ల వచ్చింది? క్లాసులో అడిగితే "ఎంఆర్‌ఎన్‌ఏ చూసుకుంటుంది" అని సార్ ముందుకు పోయిండు. అది ఏం చూసుకుంటుంది, ఎట్ల చూసుకుంటుంది అన్నదే నా డౌట్. మార్కుల కోసం అడగట్లేదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

దేవరకొండ మాస్టారు · రాత్రి 9:05

మంచి ప్రశ్న బిడ్డా. పహాణీ తెలుసు కదా? అసలు రికార్డు తహసీల్ ఆఫీసు దాటి బయటికి రాదు. బ్యాంకు లోనుకు కావాలంటే నకలు తీసి ఇస్తారు. డీఎన్‌ఏ ఆ రికార్డు, ఎంఆర్‌ఎన్‌ఏ నకలు. న్యూక్లియస్ బయట ఉండే రైబోజోములు ఆ నకలు చదివి ప్రోటీన్ కడతాయి.

ఇక నీ డౌటుకు జవాబు. ఎర్ర కణం పుట్టినప్పుడు దానికి న్యూక్లియస్ ఉంటుంది. ఎముక మూలుగలో ఉండగానే హిమోగ్లోబిన్ అంతా తయారు చేసుకొని, ఆ తర్వాత న్యూక్లియస్‌ను వదిలేస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏ కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది కాబట్టి న్యూక్లియస్ పోయాక తయారీ బంద్. ఇంతే, కన్‌ఫ్యూజ్ కావద్దు.

ల్యాబ్ యాదగిరి, నల్లగొండ · రాత్రి 9:31

మాస్టారు, ఒక్క మాట. నేను ల్యాబ్‌లో రోజూ రెటిక్ కౌంట్ చేస్తా. రక్తంలోకి కొత్తగా వచ్చిన ఎర్ర కణాలను రెటిక్యులోసైట్లు అంటాం. వాటికి న్యూక్లియస్ ఉండదు. కానీ కణం బతికి ఉండగానే న్యూ మిథిలీన్ బ్లూ కలిపి స్లైడ్ చూస్తే లోపల నీలంగా వలలాగా కనబడుతుంది. అది ఆర్‌ఎన్‌ఏ అనే మాకు నేర్పిండ్రు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో నూరు ఎర్ర కణాలకు ఒకటో రెండో అట్ల ఉంటాయి. తయారీ బంద్ అయితే ఆ ఆర్‌ఎన్‌ఏ అంతా ఇంకా ఎందుకున్నట్టు?

అఖిల, మిర్యాలగూడ · రాత్రి 9:40

యాదగిరి అన్నా, అంటే న్యూక్లియస్ పోయాక కూడా తయారవుతుందా? ఇద్దరిలో ఎవరిది కరెక్ట్?

వనజ, వనపర్తి · రాత్రి 10:20

అఖిలా, యాదగిరి గారు చూసిన వలలోనే నీ జవాబు ఉంది. నేను పీహెచ్‌డీ రోజుల్లో రక్త కణాల మీదే పని చేశాను, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

హిమోగ్లోబిన్ ఒక్కో అణువులో నాలుగు గొలుసులు ఉంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా. మనం బీటా ఒక్కటే చూద్దాం. దాని జీన్ 11వ క్రోమోజోమ్ మీద ఉంది. పొడవు సుమారు 1600 అక్షరాలు. మూలుగలో ఎదుగుతున్న కణానికి బీటా గొలుసు కావాలంటే డీఎన్‌ఏ మొత్తం కాపీ కాదు, ఆ 1600 అక్షరాల ముక్క ఒక్కటే కాపీ అవుతుంది. మాస్టారి పహాణీ మాటకు నేను కలిపేది ఇదే: ఊరి రికార్డంతా కాదు, ఒక్క సర్వే నంబరుకే నకలు.

ఆ కాపీ ఉన్నది ఉన్నట్టు బయటికి రాదు. మధ్యలో రెండు చోట్ల అవసరం లేని భాగాలు ఉంటాయి, ఒకటి 130 అక్షరాలు, ఇంకొకటి 850. కణం వాటిని కోసేసి మిగతా మూడు ముక్కలను అతుకుతుంది. ముందు కొసకు ఒక రసాయన టోపీ పెడుతుంది, వెనక కొసకు A అనే అక్షరాన్ని వరసగా చాలాసార్లు చేర్చి ఒక తోక తగిలిస్తుంది. తోక లెక్కలోకి తీసుకోకపోతే చివరికి మిగిలేది 600 అక్షరాలకు కొంచెం ఎక్కువ. న్యూక్లియస్ దాటి బయటికి వచ్చే ఎంఆర్‌ఎన్‌ఏ అదే.

బయట రైబోజోము టోపీ ఉన్న కొస దగ్గర ఎక్కి, AUG అనే మూడు అక్షరాలు దొరికేదాకా జరుగుతుంది. అక్కడి నుంచి మూడేసి అక్షరాలు చదువుతూ ఒక్కో మూడింటికి ఒక అమైనో ఆమ్లం తగిలిస్తుంది. మొదటి అమైనో ఆమ్లం తర్వాత తెగిపోతుంది. మిగిలిన 146తో బీటా గొలుసు తయారు. దీనికి పట్టేది దాదాపు ఒక నిమిషం, ఒక్కోసారి అంతకన్నా తక్కువే.

ఇప్పుడు నీ ప్రశ్న. కణం తన న్యూక్లియస్‌ను బయటికి నెట్టేస్తుంది, పక్కనున్న మాక్రోఫేజ్ దాన్ని తినేస్తుంది. కానీ అప్పటికే బయటికి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏలు, రైబోజోములు కణంలోనే ఉండిపోతాయి. మూలుగలో ఒకటి రెండు రోజులు, రక్తంలోకి వచ్చాక ఇంకో రోజు వరకు అవి పని చేస్తూనే ఉంటాయి. ఎర్ర కణంలోని హిమోగ్లోబిన్‌లో సుమారు మూడో వంతు న్యూక్లియస్ పోయిన తర్వాతే తయారవుతుంది. యాదగిరి గారి నీలం వలలో ఎక్కువ భాగం రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ. ఎంఆర్‌ఎన్‌ఏ అందులో చాలా కొద్దిగా ఉంటుంది, కానీ ఆ రైబోజోములు చదివేది దాన్నే.

రైతుబిడ్డ, హాలియా · రాత్రి 10:48

ఎంఆర్‌ఎన్‌ఏ అంటే కరోనా సూది గురించే కదా మేడమ్? నేను కోవిషీల్డ్ రెండు డోసులు వేసుకున్న. మన డీఎన్‌ఏ మారుతుందని వాట్సాప్‌ల తిరుగుతున్నది. ఆ ఎంఆర్‌ఎన్‌ఏ ఇంకా నా ఒంట్లో ఉన్నదా?

వనజ, వనపర్తి · రాత్రి 10:57

అన్నా, ఇక్కడ మాట్లాడేది మన కణాలు తమంతట తాము చేసుకునే ఎంఆర్‌ఎన్‌ఏ గురించి. మీరు వేసుకున్న కోవిషీల్డ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకానే కాదు. అందులో చెడు చేయలేని ఒక అడినోవైరస్, దానిలో ఒక డీఎన్‌ఏ ముక్క ఉంటాయి. ఆ ముక్క నుంచి ఎంఆర్‌ఎన్‌ఏను మీ కణాలే కొన్నాళ్లు చేసుకున్నాయి, అది ఎప్పుడో విరిగిపోయింది. ఆ ముక్క మన క్రోమోజోముల్లో కలిసిపోయే రకం కాదు. కోవాగ్జిన్ అయితే చంపిన వైరస్. ఫైజర్, మోడెర్నా వాళ్లవి నిజమైన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు. టీకాల మీద వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడికి వస్తాను.

దేవరకొండ మాస్టారు · ఉదయం 6:15

వనజ గారూ, మీరు పెద్ద చదువులు చదివారు, కాదనను. కానీ ఎంఆర్‌ఎన్‌ఏ తక్కువ కాలమే బతుకుతుందని ఏ పుస్తకం తీసినా ఉంటుంది. 1961లో దాన్ని కనిపెట్టినప్పుడే త్వరగా పుట్టి త్వరగా పోయే ఆర్‌ఎన్‌ఏ అన్నారు. మరి మీరు రోజులు అంటున్నారు.

వనజ, వనపర్తి · ఉదయం 7:30

మాస్టారు, మీరు చెప్పిన 1961 మాట నిజమే. బ్రెన్నర్, జాకబ్, మెసెల్సన్ ఆ ప్రయోగం చేసింది ఇ. కోలై అనే బ్యాక్టీరియాలో. అందులో ఎంఆర్‌ఎన్‌ఏ కొన్ని నిమిషాలే ఉంటుంది. బ్యాక్టీరియాకు పరిస్థితి నిమిషాల్లో మారిపోతుంది, పాత ఆర్డర్లు త్వరగా పోవడమే దానికి మంచిది. మన కణాల్లో మాత్రం ఒక్కో ఎంఆర్‌ఎన్‌ఏకు ఒక్కో ఆయుష్షు. కొన్ని అరగంటలోపే సగం అయిపోతాయి, ఎక్కువ శాతం కొన్ని గంటలు ఉంటాయి. గ్లోబిన్ ఎంఆర్‌ఎన్‌ఏ వాటన్నిటికన్నా మొండిది, సగం తగ్గడానికే ఒక రోజు, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది.

అఖిలా, నిమిషాలు అయితే ఎందుకు సరిపోదో లెక్క వేద్దాం. ఇది ఉజ్జాయింపు లెక్కే, కచ్చితమైన కొలత కాదు.

నిండిన ఒక్క ఎర్ర కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు ఉంటాయి. ఒక్కో అణువుకు రెండు బీటా గొలుసులు, కాబట్టి 54 కోట్ల బీటా గొలుసులు. అందులో మూడో వంతుకు కొంచెం ఎక్కువ, అంటే 19 కోట్లు న్యూక్లియస్ పోయాక తయారయ్యాయి అనుకుందాం.

ఒక ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఒకే రైబోజోము ఉండదు. 1960ల మొదట్లో కుందేలు రెటిక్యులోసైట్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు ఒకే దారానికి వరసగా ఐదేసి రైబోజోములు ఎక్కువగా కనిపించాయి. ముందున్నది చదువుతూ పోతుంటే వెనక ఇంకోటి ఎక్కుతుంది. ఒక్కోదానికి నిమిషం అనుకుంటే నిమిషానికి ఐదు గొలుసులు, రోజుకు 7200. 19 కోట్లను 7200తో భాగించు, 26 వేల చిల్లర వస్తుంది. అంటే కణంలో దాదాపు పాతిక వేల బీటా ఎంఆర్‌ఎన్‌ఏలు ఉండి, ఒక రోజు పని చేస్తే చాలు. ఒక కణంలో అన్ని ఉండటం సాధ్యమయ్యే విషయమే.

అదే ఎంఆర్‌ఎన్‌ఏ పది నిమిషాల్లో విరిగిపోయిందనుకో. ఒక్కోటి 50 గొలుసులు చేసి పోతుంది. పాతిక వేలు కలిసినా పన్నెండు లక్షల చిల్లర. 19 కోట్లు ఎక్కడ, పన్నెండు లక్షలు ఎక్కడ! కొత్త కాపీ తీయడానికి న్యూక్లియస్ లేదు కదా.

అఖిల, మిర్యాలగూడ · ఉదయం 7:52

అక్కా, లెక్క నేను కూడా వేసి చూసిన, కరెక్టే వచ్చింది. అయితే ఇంకో డౌట్. ఒకటి అరగంటలో పోతుంది, ఇంకోటి రోజంతా ఉంటుంది అంటున్నరు. రెండూ అవే నాలుగు అక్షరాలు కదా? కణానికి ఏది ఎంతసేపు ఉంచాలో ఎట్ల తెలుస్తుంది?

ఇంకా, ప్రోటీన్ చేసేది నిజంగా ఎంఆర్‌ఎన్‌ఏ చెప్పినట్టే అని ఎట్ల నమ్మాలి? ఆ కణంలో ఇంకేదో ఉండి చేస్తుందేమో కదా?

వనజ, వనపర్తి · ఉదయం 9:10

రెండోదే ముందు చెప్తా, ఎందుకంటే అది నాకు ఇష్టమైన ప్రయోగం. 1971లో లేన్, మార్బెక్స్, గర్డన్ అనే ముగ్గురు కుందేలు రెటిక్యులోసైట్ల నుంచి గ్లోబిన్ ఎంఆర్‌ఎన్‌ఏను వేరు చేసి, కప్ప అండకణంలోకి సన్నని సూదితో ఎక్కించారు. అండకణానికి హిమోగ్లోబిన్‌తో పని లేదు, కుందేలు హిమోగ్లోబిన్ సంగతి అసలే తెలియదు. అయినా అది కుందేలు గ్లోబిన్ చేసింది. యంత్రాలన్నీ కప్పవి, రాత ఒక్కటే కుందేలుది. నువ్వన్న ఆ "ఇంకేదో" ఏమైనా కావాల్సి ఉంటే కప్ప కణంలో ఆ పని జరిగేది కాదు.

ఇక ఆయుష్షు సంగతి. ఇందాక తోక అన్నాను కదా. ఆ తోకకు కొన్ని ప్రోటీన్లు అంటిపెట్టుకొని ఉంటాయి. కణంలోని ఎంజైములు తోకను కొస నుంచి కొద్దికొద్దిగా కొరుకుతూ ఉంటాయి. తోక బాగా పొట్టిదయ్యాక ఆ ప్రోటీన్లకు పట్టు దొరకదు, ముందున్న టోపీ ఊడిపోతుంది, ఆ తర్వాత దారమంతా ముక్కలైపోతుంది. కాబట్టి ఒక ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత కాలం ఉంటుందన్నది ఎక్కువగా దాని తోక ఎంత వేగంగా అరుగుతుందన్న దాని మీద ఉంటుంది.

వేగం ఎవరు చెప్తారంటే, ప్రోటీన్ సమాచారం అయిపోయాక, తోకకు ముందు కొంత భాగం మిగులుతుంది. దాన్ని రైబోజోము చదవదు. చాలా ఏళ్లు జనం పెద్దగా పట్టించుకోని భాగం అది. త్వరగా పోవాల్సిన ఎంఆర్‌ఎన్‌ఏల్లో ఆ చోట AUUUA లాంటి వరసలు ఉంటాయి, వాటిని పట్టుకునే ప్రోటీన్లు తోక కొరికే ఎంజైములను పిలుస్తాయి. ఆల్ఫా గ్లోబిన్‌లో అదే చోట C అక్షరాలు ఎక్కువగా ఉండే వరసలున్నాయి, అక్కడ కూర్చునే ప్రోటీన్లు తోకను కాపాడతాయి. అక్షరాలు అవే నాలుగు, కానీ ఆ చోట ఏ వరసలో ఉన్నాయన్నదే తేడా.

నిన్న హాలియా అన్న టీకా గురించి అడిగారు కదా, ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా. ఫైజర్ టీకా ఎంఆర్‌ఎన్‌ఏలో ముందు కొస భాగాన్ని మనిషి ఆల్ఫా గ్లోబిన్ ఎంఆర్‌ఎన్‌ఏను చూసే తయారు చేశారు. రైబోజోములు దాన్ని బాగా చదువుతాయని ముందే తెలుసు కాబట్టి.

శ్రీను, నాగర్‌కర్నూల్ · మధ్యాహ్నం 1:20

మీ ముచ్చట మధ్యల వస్తున్న, ఏమనుకోకండి. నా భార్యకు నాలుగో నెల. రక్తం తక్కువ ఉందని పరీక్ష చేయించినం. హిమోగ్లోబిన్ 10.2, కణాల సైజు దగ్గర MCV 64 అని ఉంది, HbA2 5.3 అని ఉంది. "బీటా తలసీమియా ట్రెయిట్" అని రాసిండ్రు. ఇక్కడ బీటా గొలుసు అంటుంటే చదివిన. ఆమె ఎంఆర్‌ఎన్‌ఏల ఏమన్న లోపమా? చూస్తే మంచిగనే ఉంటది, పొలం పని కూడ చేస్తది. భయం అయితుంది.

వనజ, వనపర్తి · మధ్యాహ్నం 1:42

శ్రీను గారూ, భయపడకండి. కానీ ఒక పని మాత్రం ఆలస్యం చేయొద్దు. మీరు కూడా ఈ వారంలోనే అదే పరీక్ష చేయించుకోండి, సీబీసీ, HbA2 రెండూ. ఆమెలో బీటా జీన్ రెండు ప్రతుల్లో ఒకటి సరిగ్గా ఉంది, అందుకే మామూలుగా పని చేసుకుంటున్నారు. మీ HbA2 మామూలుగా ఉంటే బిడ్డకు పెద్ద తలసీమియా వచ్చే అవకాశం చాలా చాలా తక్కువ. మీకు కూడా ట్రెయిట్ ఉంటే మాత్రం ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అప్పుడు కడుపులోని బిడ్డకు పరీక్ష చేసే వీలుంది, దానికి గర్భం వారాలు ముఖ్యం. అందుకే తొందర అంటున్నా. డాక్టరుకు రెండు రిపోర్టులూ చూపించండి.

మీ ప్రశ్నకు జవాబు. అవును, చాలా మందిలో లోపం బయటపడేది ఎంఆర్‌ఎన్‌ఏ దగ్గరే. మన దేశంలో బీటా తలసీమియాకు ఎక్కువగా కనిపించే మార్పును రిపోర్టుల్లో IVS1-5 అని రాస్తారు. మీ ఇంట్లో అదే ఉందని నేను అనడం లేదు, జీన్ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అఖిల కోసం దాన్ని విడమరిచి చెప్తా.

మొదట కాపీ అయ్యే ఆర్‌ఎన్‌ఏలో 130 అక్షరాల భాగాన్ని కోసేస్తారని చెప్పాను కదా. ఎక్కడ కోయాలో తెలియడానికి ఆ భాగం మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. IVS1-5 ఉన్నవాళ్లలో ఆ గుర్తులో ఐదో అక్షరం G బదులు C.

```
GUUGGU   మామూలు
GUUGCU   IVS1-5
```

ఈ అక్షరం ప్రోటీన్‌లోకి వచ్చేదే కాదు, కోసి పారేసే భాగంలోది. అయినా అదే కొంప ముంచుతుంది. కోసే యంత్రంలో ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది, అది ఈ గుర్తుకు జతపడి పట్టుకోవాలి. ఒక అక్షరం మారితే పట్టు వదులవుతుంది. అప్పుడు అది దగ్గర్లో కొంచెం అలాంటి వరసే ఉన్న వేరే చోట్ల కోస్తుంది, అట్లాంటి తప్పుడు చోట్లు మూడున్నాయి. తప్పుగా కోసిన ఎంఆర్‌ఎన్‌ఏలో మూడేసి అక్షరాల లెక్క తప్పుతుంది, ఆగమనే గుర్తు మధ్యలోనే వచ్చేస్తుంది. పనికొచ్చే గొలుసు రాదు. అప్పుడప్పుడు మాత్రం సరైన చోట కూడా కోస్తుంది, అందుకే ఆ జీన్ నుంచి బీటా పూర్తిగా సున్నా కాదు, బాగా తక్కువ.

శ్రీను గారి భార్య రిపోర్టులో కణాలు చిన్నగా ఉండటానికి కారణం అదే, ఒక్కో కణంలో నింపడానికి సరిపడా బీటా లేదు. HbA2 అంటే బీటా బదులు డెల్టా అనే గొలుసుతో చేసిన హిమోగ్లోబిన్. బీటా తగ్గినప్పుడు దాని వాటా 3.5 శాతం దాటుతుంది.

ల్యాబ్ యాదగిరి, నల్లగొండ · మధ్యాహ్నం 2:30

శ్రీను తమ్మి, మేడమ్ చెప్పిన మాట విను. ఇంకోటి, రెండు మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే పరీక్షకు ముందే చెప్పాలి, లేకుంటే దాత రక్తం కలిసి రిజల్ట్ తప్పుతుంది. ఐరన్ బాగా తక్కువున్నా HbA2 కొంచెం దిగుతుంది, బార్డర్‌ల ఉన్నోళ్లది దొరకదు. మీ ఆమెది 5.3 కాబట్టి ఆ అనుమానం లేదు.

మా దగ్గర ఇట్లాంటి రిపోర్టులు చూసి "రక్తం తక్కువే కదా" అని ఏళ్ల తరబడి ఐరన్ టానిక్ తాగినోళ్లు ఉన్నరు. ఎర్ర కణాల సంఖ్య మామూలుగానో ఎక్కువగానో ఉండి సైజు మాత్రం బాగా చిన్నగా ఉంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ఐరన్ లోపంలో మామూలుగా సంఖ్య కూడా తగ్గుతుంది.

కవిత, జడ్చర్ల (ఏఎన్ఎం) · సాయంత్రం 5:05

మేము స్కూళ్లల్ల పెద్ద పిల్లలకు వారం వారం నీలం రంగు ఐరన్ గోలీ ఇస్తం. ఐరన్ వేసుకుంటే హిమోగ్లోబిన్ ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగి, అట్ల రక్తం పెరుగుతుంది అని ఒక ట్రైనింగుల చెప్పినట్టు గుర్తు. పిల్లలు అడిగితే అదే చెప్తున్న. కరెక్టేనా మేడమ్?

వనజ, వనపర్తి · సాయంత్రం 6:40

కవితా, రక్తం పెరుగుతుందన్నది నిజం, మధ్యలో జరిగేది మాత్రం వేరే. ఐరన్ తక్కువున్న అమ్మాయి కణాల్లో గ్లోబిన్ ఎంఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. లోటు దాన్ని చదివే దగ్గర వస్తుంది.

హిమోగ్లోబిన్‌లో ఒక్కో గొలుసులో ఒక హీమ్ కూర్చోవాలి, హీమ్ మధ్యలో ఉండేది ఐరన్. హీమ్ లేకుండా గొలుసులు ఊరికే పోగైతే కణానికి నష్టం. అందుకే ఈ కణాల్లో హెచ్‌ఆర్‌ఐ అనే ఒక ఎంజైము కాపలా ఉంటుంది. హీమ్ ఉన్నంత సేపు అది నిద్రలో ఉంటుంది. హీమ్ తగ్గితే లేచి, రైబోజోము చదవడం మొదలుపెట్టడానికి కావాల్సిన ఒక ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ అంటిస్తుంది. దానితో కొత్త రైబోజోములు ఎంఆర్‌ఎన్‌ఏ మీదికి ఎక్కడం తగ్గిపోతుంది. రెటిక్యులోసైట్లను పగలగొట్టి, వాటి రసాన్ని గొట్టంలో పెట్టి చూసినవాళ్లకు ఇది స్పష్టంగా కనబడింది. హీమ్ కలపకపోతే కొద్ది నిమిషాల్లోనే గ్లోబిన్ తయారీ దాదాపు ఆగిపోతుంది, ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం అక్కడే ఉంటుంది.

కాబట్టి ఐరన్ గోలీ చేసే పనులలో ఒకటి ఆ కాపలా ఎంజైమును మళ్లీ పడుకోబెట్టడం. అఖిలా, నువ్వు "ఎంఆర్‌ఎన్‌ఏ ఏం చూసుకుంటుంది" అని అడిగావు చూడు, అది ఉన్నంత మాత్రాన ప్రోటీన్ వచ్చేస్తుందని లేదు. ఎంత కాలం ఉంది, దాని మీదికి రైబోజోములు ఎక్కనిస్తున్నారా లేదా, రెండూ చూడాలి.

ల్యాబ్ యాదగిరి, నల్లగొండ · సాయంత్రం 7:02

ఐరన్ మొదలుపెట్టిన వారం, పది రోజులకు రెటిక్ కౌంట్ పైకి లేస్తుంది. హిమోగ్లోబిన్ అప్పటికి పెద్దగా కదలదు. మందు పని చేస్తుందా లేదా అని డాక్టర్లు ముందుగా చూసేది రెటిక్‌నే. కౌంట్ లేవకపోతే గోలీ సరిగ్గా వేసుకోలేదని, లేకుంటే జబ్బు వేరే అని అనుకోవాలి.

దేవరకొండ మాస్టారు · రాత్రి 8:15

చర్చ బాగుంది. అయినా అఖిలా, పరీక్షలో ఎంఆర్‌ఎన్‌ఏ స్వల్పకాలికం అనే రాయి, పేపరు దిద్దేవాళ్లకు రెటిక్యులోసైట్ల గొడవ అక్కర్లేదు.

వనజ, వనపర్తి · రాత్రి 8:21

మాస్టారు, "ఎక్కువగా స్వల్పకాలికం, గ్లోబిన్ లాంటివి మినహా" అని రాస్తే ఎవరూ మార్కు కొట్టేయరు లెండి.

అఖిల, మిర్యాలగూడ · రాత్రి 8:50

రెండూ రాస్తా 😀

ఇంకో ప్రశ్న మిగిలింది. కోడి రక్తంలో ఎర్ర కణాలకు న్యూక్లియస్ ఉంటుందని చదివిన. వాటికి ఈ బాధ లేదు కదా, ఎంఆర్‌ఎన్‌ఏ అయిపోతే మళ్లీ కాపీ తీసుకోవచ్చు. మరి మనవి ఎందుకు పారేసుకుంటున్నయి?

ల్యాబ్ యాదగిరి, నల్లగొండ · రాత్రి 9:14

ఉంటుంది, కోడి రక్తం స్లైడ్ నేను చూసిన, ప్రతి ఎర్ర కణంలో న్యూక్లియస్ ముదురు రంగులో స్పష్టంగా కనబడుతుంది. మనవాటిలో అది పోతే హిమోగ్లోబిన్‌కు జాగా ఎక్కువ, సన్నటి రక్తనాళాల్లో వంగి దూరడం సులువు. అందుకే అనుకుంటా.

వనజ, వనపర్తి · రాత్రి 9:33

ఆ మాట చాలా చోట్ల రాస్తారు యాదగిరి గారూ, కానీ నాకు అది పూర్తిగా ఒప్పదు. పక్షులు ఎగురుతాయి, వాటికి ఆక్సిజన్ మనకన్నా ఎక్కువే కావాలి, అయినా న్యూక్లియస్‌తోనే గడుపుకుంటున్నాయి. జాగానే కారణమైతే అవే ముందు వదిలేయాలి కదా. పైగా కోడి ఎర్ర కణం ముదిరాక ఆ న్యూక్లియస్‌లో డీఎన్‌ఏ బిగుసుకుపోతుంది, దాని నుంచి కొత్త కాపీలు దాదాపు రావు. అంటే అఖిలా, న్యూక్లియస్ ఉన్నా ముదిరిన కోడి కణానికి నువ్వనుకున్నంత లాభం లేదు.

శ్రీను, నాగర్‌కర్నూల్ · రాత్రి 9:50

ఇయ్యాల నా రక్తం ఇచ్చిన. సీబీసీ వచ్చింది, MCV 86 అని ఉంది. HbA2 రిపోర్టు హైదరాబాద్ నుంచి రావాలంట, మూడు రోజులు అన్నరు.

ల్యాబ్ యాదగిరి, నల్లగొండ · రాత్రి 9:58

86 అంటే మంచిదే తమ్మి. HbA2 కూడా వచ్చాక ఇక్కడ పెట్టు, పేరు, ఫోన్ నంబరు కనబడకుండా.